డబ్ల్యూపీఎస్ బటన్‌తో ప్రింటర్‌ను ఇంటి వైఫైకి కలపడం

పాస్‌వర్డ్ టైపు చేసే పని లేకుండా, రూటర్ మీద ఒక బటన్, ప్రింటర్ మీద ఒక బటన్ నొక్కి ఆ రెంటినీ వైఫై ద్వారా కలిపే ఏర్పాటును డబ్ల్యూపీఎస్ పుష్ బటన్ పద్ధతి అంటారు. డబ్ల్యూపీఎస్ అంటే వైఫై ప్రొటెక్టెడ్ సెటప్. వైఫై పరికరాల తయారీదార్ల ఉమ్మడి సంస్థ వైఫై అలయన్స్ దీన్ని రూపొందించి, 2007లో పరికరాలకు ధ్రువీకరణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ కీబోర్డు ఉంటుంది కాబట్టి వాటికి ఈ పద్ధతి లేకపోయినా గడుస్తుంది. ఇళ్లలో వాడే చవక రకం ప్రింటర్‌కు నాలుగైదు బటన్లు, రెండు మూడు లైట్లు తప్ప ఏమీ ఉండవు. పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్‌ను దానికి చెప్పే దారి లేదు. అందుకే ఫోన్లు ఈ పద్ధతిని వదిలేసినా ప్రింటర్లు మాత్రం ఇంకా పట్టుకుని ఉన్నాయి. ఆండ్రాయిడ్ 9వ వెర్షన్ నుంచి ఫోన్లలో డబ్ల్యూపీఎస్ తీసేశారు. ఐఫోన్లలో అది మొదటి నుంచీ లేదు. అలాంటి ఆపిల్ సంస్థ కూడా తన ఎయిర్‌పోర్ట్ రూటర్ల సాఫ్ట్‌వేర్‌లో `Add WPS Printer` అనే అంశాన్ని ప్రత్యేకంగా పెట్టింది. ఈ బటన్ ప్రధానంగా ఎవరికి పనికొస్తుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈ పద్ధతి పనిచేస్తే నిమిషంలో అయిపోతుంది. పనిచేయకపోతే ఎందుకు పనిచేయలేదో పరికరాలు నోరు విప్పి చెప్పవు, లైటు మిణుకుమిణుకుమని ఆగిపోతుంది. కాబట్టి బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిసి ఉంటే, ఎక్కడ ఆగిందో లైట్లను చూసి ఊహించవచ్చు.

రెండు నిమిషాల్లో ఏం జరుగుతుంది

రూటర్ మీద బటన్ నొక్కగానే అది రెండు నిమిషాల పాటు, కచ్చితంగా చెప్పాలంటే 120 సెకన్ల పాటు, కొత్త పరికరం కోసం తలుపు తెరిచి ఉంచుతుంది. మామూలుగా ప్రతి రూటరూ సెకనుకు పది సార్లదాకా తన పేరును గాలిలో ప్రకటిస్తూ ఉంటుంది. మన ఫోన్‌లో చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ కనిపించేది ఆ ప్రకటనల వల్లనే. బటన్ నొక్కాక ఆ ప్రకటనలో అదనంగా ఒక సమాచారం చేరుతుంది: ఇక్కడ ఇప్పుడే బటన్ నొక్కారు, బటన్ పద్ధతిలో వచ్చేవాళ్లను చేర్చుకుంటాను అని. మనకు అది కనిపించదు, ప్రింటర్‌కు కనిపిస్తుంది.

ప్రింటర్ మీద బటన్ నొక్కినప్పుడు అది అన్ని చానళ్లూ వరుసగా వెతుకుతూ అలాంటి ప్రకటన చేస్తున్న రూటర్ కోసం చూస్తుంది. ఒకే ఒక్క రూటర్ దొరికితే దానితో మాట కలుపుతుంది. ఇద్దరి మధ్యా ఎనిమిది సందేశాలు నడుస్తాయి. వాటిని ఎం1 నుంచి ఎం8 వరకు అంటారు. మొదటి రెండు సందేశాల్లో డిఫీ-హెల్మన్ అనే గణిత పద్ధతితో ఇద్దరూ ఒక రహస్య తాళాన్ని తయారు చేసుకుంటారు. పక్కనుంచి ఊరికే వింటున్నవాడికి ఆ తాళం దొరకదు. చివరి సందేశంలో రూటర్ తన వైఫై పేరునూ పాస్‌వర్డునూ ఆ తాళం వేసి పంపిస్తుంది. ప్రింటర్ వాటిని తన జ్ఞాపకంలో రాసుకుని, ఆ సంభాషణను ముగించి, ఒకసారి విడిపోయి మళ్లీ మామూలు పరికరం లాగే అదే పాస్‌వర్డుతో రూటర్‌కు కలుస్తుంది.

అంటే బటన్ నొక్కడం వల్ల ప్రింటర్‌కు ప్రత్యేకమైన బంధమేదీ ఏర్పడదు. మీరు టైపు చేయాల్సిన పాస్‌వర్డు దానికి గాలిలో అందింది, అంతే. రూటర్ పాస్‌వర్డు మార్చిన రోజు ప్రింటర్ తెగిపోయేది అందుకే. కరెంటు పోయి వచ్చినా ప్రింటర్ తనంతట తాను మళ్లీ కలిసేదీ అందుకే. రోజూ బటన్ నొక్కే పని ఉండదు.

ఇంకొక విషయం కూడా ఇక్కడే గమనించాలి. ఈ పద్ధతిలో రూటర్ తనతో మాట్లాడుతున్నది మీ ప్రింటరేనా అని విడిగా పరీక్షించదు. ఈ రెండు నిమిషాల్లో, ఈ సిగ్నల్ అందేంత దగ్గరలో బటన్ నొక్కినవారు ఇంటివారే అయి ఉంటారన్న నమ్మకం మీద అది నడుస్తుంది. ఆ నమ్మకం దెబ్బతినే సందర్భంలో, అంటే ఒకే సమయంలో రెండు కొత్త పరికరాలు తలుపు తట్టినా, ప్రింటర్‌కు రెండు రూటర్లు తలుపు తెరిచి కనిపించినా, ఎవరినీ కలపకుండా పని ఆపేయమని ప్రమాణం చెబుతోంది. దీన్ని సెషన్ ఓవర్‌లాప్ అంటారు. గోడకు గోడ ఆనుకుని ఉండే అపార్ట్‌మెంట్లలో ఇది నిజంగా ఎదురయ్యే ఇబ్బంది.

బటన్ ముట్టుకునే ముందు

రూటర్ వెనకో పక్కనో `WPS` అని రాసిన బటన్ ఉంటుంది. కొన్నిటి మీద ఆ అక్షరాలకు బదులు వలయంగా తిరిగే రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఆ బటన్ మీద ఇంకేమైనా రాసి ఉందా అన్నది జాగ్రత్తగా చూడాలి. చాలా చవక రూటర్లలో ఒకే బటన్‌కు రెండు పనులు అప్పగించారు. టీపీ లింక్ కంపెనీ పాత రకాల్లో బాగా అమ్ముడైన కొన్నిటి మీద `WPS/RESET` అని ఉంటుంది. ఒక్క సెకను నొక్కి వదిలితే అది డబ్ల్యూపీఎస్. అదే బటన్‌ను కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే రూటర్‌లోని అమరికలన్నీ చెరిగిపోయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతుంది.

మన దగ్గర ఇది చిన్న నష్టం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చాలా ఇళ్లకు నెట్ కనెక్షన్ పీపీపీఓఈ పద్ధతిలో వస్తుంది. అంటే కనెక్షన్‌కు ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డు ఉంటాయి, వాటిని కనెక్షన్ ఇచ్చిన రోజున కేబుల్ ఆపరేటర్ మనిషి వచ్చి రూటర్‌లో ఎక్కించి వెళతాడు. ఇంట్లోవాళ్లకు ఆ వివరాలు తెలియవు. రీసెట్ అయితే వైఫై పేరు, వైఫై పాస్‌వర్డుతో పాటు అవి కూడా పోతాయి. ప్రింటర్ కలపబోయి ఇంటర్నెట్ పోగొట్టుకుని, ఆపరేటర్ మనిషి మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాల్సి వస్తుంది. కాబట్టి బటన్ ముట్టుకునే ముందే ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డు అడిగి ఒక కాగితం మీద రాసుకోవడం మేలు. కనెక్షన్ మీదే కాబట్టి ఆ వివరాలు అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఇక బటన్ దగ్గర పాటించాల్సింది ఒకటే: రూటర్ బటన్‌ను నొక్కి వెంటనే వదలాలి, ప్రింటర్ బటన్‌నే నొక్కి పట్టుకోవాలి. ఈ రెంటినీ తారుమారు చేయడమే చాలామంది చేసే పొరపాటు. గుండుసూదితో గుచ్చాల్సిన చిన్న రంధ్రంలో ఉండేది మాత్రం రీసెట్ బటనే. దాని జోలికి అసలు పోకూడదు.

మరికొన్ని రూటర్లలో డబ్ల్యూపీఎస్ బటనే వైఫైని ఆపే బటన్ కూడా. ఎక్కువసేపు పట్టుకుంటే ఇంట్లో వైఫై మొత్తం ఆగిపోతుంది. భయపడాల్సిందేమీ లేదు, అలాగే మళ్లీ పట్టుకుంటే తిరిగి వస్తుంది.

తర్వాత చూడాల్సింది బ్యాండ్. ఇళ్లలో వాడే వైర్‌లెస్ ప్రింటర్లలో చాలా రకాలు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద మాత్రమే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ సంకేతం వాటికి వినపడదు. వేగం కోసమని ఎవరైనా రూటర్‌లో 2.4ను ఆపేసి 5ను మాత్రమే ఉంచి ఉంటే, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ప్రింటర్‌కు రూటరే కనిపించదు. రెండు బ్యాండ్లూ తెరిచి ఉంటే చాలు. ఫోన్ 5లో, ప్రింటర్ 2.4లో ఉన్నా రెండూ ఒకే రూటర్ కింద ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టే, ప్రింటుకు అడ్డేమీ ఉండదు.

చివరిది భద్రతా పద్ధతి. రూటర్‌లో డబ్ల్యూపీఏ2 ఉంటే డబ్ల్యూపీఎస్ పనిచేస్తుంది. డబ్ల్యూపీఏ3ను మాత్రమే ఎంచుకుని ఉంటే పనిచేయదు, ఎందుకంటే కొత్త పద్ధతిలో డబ్ల్యూపీఎస్‌కు చోటు ఇవ్వలేదు. రెండూ కలిపి పెట్టే అమరికలో కూడా కొన్ని రూటర్లు డబ్ల్యూపీఎస్‌ను ఆపేస్తాయి. వైఫై పేరును దాచిపెట్టినా అంతే, చాలా రూటర్లలో ఆ రెండూ కలిసి నడవవు. గూగుల్ నెస్ట్ వైఫై, ఈరో వంటి మెష్ పరికరాలకైతే డబ్ల్యూపీఎస్ అసలు లేనే లేదు. అలాంటి ఇంట్లో ప్రింటర్ కంపెనీ యాప్‌తో కలుపుకోవడమే దారి.

ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లోని ఒక ఫ్లాట్‌లో హెచ్‌పీ డెస్క్‌జెట్ 2600 వరుస ప్రింటర్‌ను, `WPS/RESET` బటన్ ఉన్న రూటర్‌కు కలుపుతున్నారనుకుందాం. పిల్లల ప్రాజెక్టు పేజీలకూ హాల్ టికెట్లకూ ప్రతిసారీ జెరాక్స్ షాపుకు పోకుండా ఇంట్లో పెట్టుకునే ప్రింటర్లలో ఇదొక రకం. కాట్రిడ్జ్‌లు ఎక్కించి, ట్రేలో కాగితాలు పెట్టి, మొదటిసారి మాత్రం ప్రింటర్‌ను రూటర్ ఉన్న గదిలోనే ఉంచాలి. ఇది సిగ్నల్ కోసమే కాదు, రెండు బటన్లకూ మధ్య పరుగెత్తే పని లేకుండా కూడా. కలిశాక ప్రింటర్‌ను ఏ గదిలోకి మార్చినా పాస్‌వర్డు దానికి గుర్తుంటుంది.

యాంటెన్నా ఆకారపు గుర్తు ఉన్న వైర్‌లెస్ బటన్‌ను మూడు సెకన్లకు తగ్గకుండా నొక్కి పట్టుకుంటే దాని లైటు మిణకడం మొదలవుతుంది. ప్రింటర్ ఇప్పుడు రెండు నిమిషాల గడువు లెక్కపెట్టుకుంటోంది. వెంటనే రూటర్ మీది బటన్‌ను ఒక్క సెకను నొక్కి వదిలేయాలి. రూటర్ మీద డబ్ల్యూపీఎస్ లైటు ఉంటే అదీ మిణుకుతుంది. ఆ తర్వాత చేయాల్సింది ఏమీ లేదు. చేతులు కట్టుకుని చూడాలి. సాధారణంగా అరనిమిషం నుంచి నిమిషంలోపు ప్రింటర్ లైటు మిణకడం ఆపి నిలకడగా వెలుగుతుంది. రూటర్ లైటు కూడా నిలకడగా వెలిగి, ఐదు నిమిషాల తర్వాత దానంతటదే ఆరిపోతుంది. ఈ ఆరిపోవడాన్ని చూసి కనెక్షన్ పోయిందని కంగారుపడేవాళ్లున్నారు. విజయాన్ని 300 సెకన్లు చూపించి ఆరిపోవాలని ప్రమాణంలోనే సూచించారు.

ముందు ఏ బటన్ నొక్కాలన్నది ప్రింటర్ పుస్తకాన్ని బట్టి ఉంటుంది. ఎప్సన్ వాళ్లు ముందు రూటర్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ముందు ప్రింటర్ అంటారు. లోపలి పద్ధతికి ఆ వరుసతో పట్టింపు లేదు. రెండో బటన్ మొదటిదాని రెండు నిమిషాల గడువులో పడితే చాలు. ఎంతసేపు పట్టుకోవాలన్నది మాత్రం రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ ఒక్క సంగతికి పుస్తకం చూడాల్సిందే.

లైటు నిలకడగా వెలిగినంత మాత్రాన పని పూర్తయిందని అనుకోకూడదు. ఈ ప్రింటర్‌లో వైర్‌లెస్ బటన్‌నూ, `i` గుర్తు ఉన్న బటన్‌నూ ఒకేసారి నొక్కితే నెట్‌వర్క్ నివేదిక ప్రింటు అవుతుంది. దానిలో మూడు విషయాలు చూడాలి. వైఫై పేరు మీ ఇంటిదేనా? పరీక్షల ఎదురుగా `PASS` ఉందా, `FAIL` ఉందా? ఐపీ అడ్రస్ ఏమిటి? ఉదాహరణకు 192.168.0.105 వంటి అడ్రస్ కనిపిస్తే రూటర్ దానికి చోటు ఇచ్చిందని అర్థం. 169.254 తో మొదలయ్యే అడ్రస్ ఉంటే ప్రింటర్‌కు రూటర్ నుంచి అడ్రస్ అందలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది. అప్పుడు రూటర్‌ను ఒకసారి ఆపి వేసి, అది పూర్తిగా లేచాక ప్రింటర్‌ను వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఈ నివేదికను పారేయకుండా ప్రింటర్ కింద పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా మొదట అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ దానిలోనే ఉంటాయి.

రూటర్‌కు కలిసింది, కంప్యూటర్‌కు కనిపించడం లేదు

డబ్ల్యూపీఎస్ బాధ్యత ప్రింటర్‌ను రూటర్‌కు కలపడంతో తీరిపోతుంది. కంప్యూటర్ ఆ ప్రింటర్‌ను కనుక్కోవడం, దానికి తగిన డ్రైవర్ వేసుకోవడం వేరే పని. బటన్ పనిచేయలేదని ఫిర్యాదు చేసేవారిలో చాలామందికి నిజానికి బటన్ పనిచేసి ఉంటుంది, ఈ రెండో మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటారు. ఏ మెట్టు దగ్గర ఆగారో తెలుసుకోవడానికి కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నివేదికలో ఉన్న అడ్రస్‌తో ఇలా కొట్టి చూడవచ్చు:

```
ping 192.168.0.105
```

ఆ అడ్రస్ నుంచే జవాబులు వస్తుంటే వైఫై పక్క పని అయిపోయింది. విండోస్ 11లో `Settings` తెరిచి, `Bluetooth & devices`, `Printers & scanners`, `Add device` అన్న వరుసలో వెళితే ప్రింటర్ పేరు కనిపించాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రింట్ సేవ ఉంటే, ఐఫోన్‌లో అయితే ప్రింటర్‌కు ఎయిర్‌ప్రింట్ ఉంటే, అదే వైఫైలో ఉన్నంతవరకు పేరు దానంతటదే వస్తుంది.

జవాబు రాకపోతే, ప్రింటర్ లైటు మాత్రం నిలకడగా వెలుగుతుంటే, ముందు అనుమానించాల్సింది గెస్ట్ నెట్‌వర్క్‌ను. చుట్టాల కోసమని పెట్టిన గెస్ట్ వైఫైలో ఫోన్ గానీ లాప్‌టాప్ గానీ ఉంటే, అది ఇంటర్నెట్ ఇస్తుంది కానీ ఇంట్లోని మిగతా పరికరాలను చూడనివ్వదు. దాని తయారీయే అలాంటిది. ఇంట్లో ఆపరేటర్ ఇచ్చిన పెట్టె ఒకటి, దాని వెనక సొంతంగా కొన్న రూటర్ ఇంకొకటి ఉన్నా ఇదే గొడవ. ప్రింటర్ ఒకదాని బటన్‌తో, లాప్‌టాప్ ఇంకొకదాని పాస్‌వర్డుతో కలిసి ఉంటాయి. రెండిటికీ నెట్ వస్తుంది, ఒకటికొకటి కనపడవు. రోజూ ఫోన్లు ఏ రూటర్‌కు కలుస్తున్నాయో దాని బటనే నొక్కాలి.

ఇక్కడ ఇంకో వల కూడా ఉంది. ప్రింటర్ తన సొంత వైఫైని కూడా ప్రసారం చేస్తుంది, `DIRECT` అనే మాటతో మొదలయ్యే పేరుతో. అది వైఫై డైరెక్ట్, రూటర్ లేకుండా నేరుగా ప్రింటుకు పంపడానికి ఇచ్చిన ఏర్పాటు. దానికి ఫోన్‌ను కలిపితే ప్రింటు వస్తుంది, కానీ ఫోన్‌కు ఇంటి నెట్ పోతుంది. ఇంట్లో ఇంకెవరి ఫోన్ నుంచీ ప్రింటు రాదు. ప్రింటర్‌ను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపేశామని అనుకుని నెలల తరబడి ఇలా వాడుతున్న ఇళ్లు ఉంటాయి. నివేదికలో ఇంటి వైఫై పేరు ఉందో లేదో చూస్తే ఈ అయోమయం తీరుతుంది.

కొన్నాళ్లు బాగా పనిచేసి ఒకనాడు ప్రింటర్ ఆఫ్‌లైన్ అని కంప్యూటర్ చెబితే, కారణం తరచుగా మారిన ఐపీ అడ్రసే. రూటర్ అడ్రసులను శాశ్వతంగా ఇవ్వదు, అరువిస్తుంది. కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేచినప్పుడు నిన్న ప్రింటర్‌కు ఉన్న అడ్రస్ ఇవాళ టీవీకి వెళ్లవచ్చు. కంప్యూటర్ పాత అడ్రస్‌కే కాగితాలు పంపుతూ ఉంటుంది. బటన్ మళ్లీ నొక్కితే ఇది తీరదు. బ్రౌజర్‌లో తెరుచుకునే రూటర్ అమరికల పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ప్రింటర్‌కు ఒక అడ్రస్‌ను ఖాయం చేస్తే తీరుతుంది. విద్యుత్ కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఈ పనిని ప్రింటర్ కలిపిన రోజునే చేసేయాలని నా సలహా.

మొదటి మెట్టు దగ్గరే ఆగితే

రెండు నిమిషాలూ మిణికి, లైటు ఆరిపోతే లేదా వేగంగా కొట్టుకుంటే, ప్రింటర్ రూటర్‌ను చూడలేదా, చూసి కూడా వెనక్కు తగ్గిందా అన్నది తేల్చుకోవాలి. రూటర్ మీది లైటు అసలు మిణకకపోతే డబ్ల్యూపీఎస్ రూటర్‌లో ఆపేసి ఉంది. ఆపరేటర్లు ఇచ్చే పెట్టెల్లో ఇది మామూలే. రూటర్ పేజీలోకి వెళ్లి దాన్ని తెరవాలి. ఆ పేజీలోనే తరచుగా తెర మీది బటన్ ఒకటి ఉంటుంది. పెట్టె మీద బటన్ లేని రూటర్‌కు దాన్ని నొక్కినా ఫలితం ఒకటే. రూటర్ మిణికి, ప్రింటర్ మాత్రం గడువంతా వెతుకుతూనే ఉండిపోతే అది బ్యాండ్ సంగతి, లేదా దూరం సంగతి, లేదా డబ్ల్యూపీఏ3 సంగతి.

రెండూ మిణుకుతూ, గడువు పూర్తికాకుండానే ప్రింటర్ తప్పు చూపిస్తే సెషన్ ఓవర్‌లాప్‌ను అనుమానించాలి. పక్క ఫ్లాట్‌లో ఎవరో అదే సమయంలో తమ రూటర్ బటన్ నొక్కి ఉండవచ్చు. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంట్లోనే: కొత్త టీవీనీ, ప్రింటర్‌నూ ఒకే పూట కలుపుతూ రెండిటి బటన్లూ నొక్కేయడం. రూటర్ గడిచిన రెండు నిమిషాల్లో తలుపు తట్టినవాళ్లందరినీ గుర్తుపెట్టుకుంటుంది. అందుకే వెంటనే మళ్లీ నొక్కితే మళ్లీ అదే తప్పు వస్తుంది. రెండో పరికరాన్ని ఆపి, మూడు నిమిషాలు దేన్నీ ముట్టుకోకుండా ఆగి, అప్పుడు ఒక్క ప్రింటర్‌తోనే మొదలుపెట్టాలి. ఇక్కడ ఓపిక పట్టడమే అసలైన మరమ్మతు.

పాత ఇంటి వైఫై వివరాలు ప్రింటర్‌లో ఉండిపోవడం మరో కారణం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా, ఇల్లు మారినా, ముందు ప్రింటర్ నెట్‌వర్క్ అమరికలను చెరిపేయాలి. పైన చెప్పిన హెచ్‌పీ రకంలో వైర్‌లెస్, క్యాన్సిల్ బటన్లను కలిపి కొన్ని సెకన్లు పట్టుకుంటే అవి చెరుగుతాయి. రూటర్ రీసెట్ లాగా దీనితో నష్టమేమీ లేదు, ఇందులో పోయేది ప్రింటర్ గుర్తుపెట్టుకున్న వైఫై ఒక్కటే.

భద్రత

డబ్ల్యూపీఎస్ ప్రమాదకరమని, ఆపేయాలని చెప్పే మాటలు చాలామంది వినే ఉంటారు. ఆ మాటలకు ఆధారం ఉంది, కానీ అది బటన్ గురించి కాదు. డబ్ల్యూపీఎస్‌లో బటన్‌తో పాటు పిన్ పద్ధతి కూడా ఉంది. రూటర్ అడుగున చీటీ మీద ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్ని చెప్పినవారికి రూటర్ పాస్‌వర్డు ఇచ్చేస్తుంది. ఎనిమిది అంకెల్లో చివరిది మిగతావాటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. కాబట్టి ఊహించాల్సినవి ఏడు, అంటే కోటి అవకాశాలు. కానీ స్టెఫాన్ వీబాక్ అనే పరిశోధకుడు 2011 డిసెంబరులో ఒక లోపాన్ని బయటపెట్టాడు. రూటర్ ఆ సంఖ్యను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, మొదటి ముక్క తప్పయితే అక్కడే చెప్పేస్తుంది. మొదటి నాలుగు అంకెలకు 10,000 ప్రయత్నాలు, తర్వాతి మూడింటికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలతో తలుపు తెరుచుకుంటుంది. కంప్యూటర్‌కు అది గంటల పని. పాస్‌వర్డు ఎంత పొడుగుదైనా ఇక్కడ కాపాడలేదు, ఎందుకంటే దాన్ని రూటరే చేతికి ఇస్తుంది. 2014లో డొమినిక్ బొంగార్డ్ చూపిన ఇంకో లోపంతో, కొన్ని రూటర్లలో అన్ని ప్రయత్నాలు కూడా అక్కరలేకుండా పోయింది.

పిన్ తలుపు రాత్రింబవళ్లు తెరిచి ఉంటుంది, బటన్ తలుపు మీరు నొక్కిన రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లోనే పొంచి ఉన్నవాడు చొరబడాలంటే మీరు ఎప్పుడు నొక్కుతారో వాడికి తెలియాలి, లేదా మీ ఇంట్లోకి వచ్చి రూటర్ బటన్ వాడే నొక్కాలి. రెండోది ఆలోచించాల్సిన విషయమే. రూటర్‌ను వరండాలోనో, దుకాణం కౌంటర్ మీదో పెట్టినచోట ఎవరైనా బటన్ నొక్కి తమ పరికరాన్ని కలుపుకోవచ్చు. ఇంటి లోపల ఉన్న రూటర్‌కు ఆ భయం తక్కువ.

చిక్కేమిటంటే చాలా రూటర్లలో బటన్‌నూ పిన్‌నూ విడదీసే వీలు ఉండదు. డబ్ల్యూపీఎస్ తెరిస్తే రెండూ తెరుచుకుంటాయి. పిన్‌ను మాత్రమే ఆపే అంశం రూటర్ పేజీలో కనిపిస్తే దాన్ని ఆపి బటన్‌ను ఉంచుకోవచ్చు. కనిపించకపోతే ప్రింటర్ కలిసిన వెంటనే డబ్ల్యూపీఎస్‌ను మొత్తంగా ఆపేయాలి. దానివల్ల ప్రింటర్‌కు ఏ లోటూ రాదు, పాస్‌వర్డు దాని దగ్గర ఉంది కదా. మళ్లీ కొత్త పరికరం కొన్న రోజున తెరిచి, కలిపి, మూసేస్తే సరిపోతుంది.

ఈ పద్ధతికి వారసుడిగా వైఫై అలయన్స్ 2018లో వైఫై ఈజీ కనెక్ట్ అనే ఏర్పాటును తెచ్చింది. దానిలో పరికరం మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తారు, కాబట్టి ఏ పరికరాన్ని చేర్చుకుంటున్నామో కచ్చితంగా తెలుస్తుంది. కానీ ఇళ్లలో ఇప్పటికే ఉన్న ప్రింటర్లకు అది లేదు. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ3 తప్పనిసరి కావడంతో అక్కడ డబ్ల్యూపీఎస్‌కు ప్రవేశం లేదు. కొత్త రూటర్ కొనేవారు పాత ప్రింటర్‌ను ఉంచుకోవాలనుకుంటే, ఆ రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్, డబ్ల్యూపీఏ2 రెండూ ఉన్నాయో లేదో షాపులోనే అడిగి తెలుసుకోవాలి. అవి ఉంటే, కొత్త రూటర్‌కు పాత వైఫై పేరునూ పాత పాస్‌వర్డునూ అక్షరం పొల్లు పోకుండా పెట్టండి. ప్రింటర్‌కు రూటర్ మారిన సంగతే తెలియదు, బటన్ నొక్కే పని కూడా ఉండదు.